ఫోటో చూసి పిండి పులిసిందో లేదో చెప్పడం: ప్రాజెక్టు డైరీ

బ్రెడ్ పిండి ఫోటో పెట్టి "ఇది సరిపోయిందా, ఇంకా ఉంచాలా" అని అడిగితే పది మంది పది రకాలుగా చెప్తారు. ఎవరూ తప్పు చెప్పాలని చెప్పరు, ఆ ఫోటోలో సమాధానం ఉండదు అంతే. మరి ఫోటో ఎలా తీస్తే అందులో సమాధానం ఉంటుంది, అందులో ఏది కొలవాలి, ఏది కొలిచినా లాభం లేదు అన్నది తేల్చడానికే ఈ డైరీ. పొంగు, బుడగలు, పైపొర బిగువు, ఈ మూడింటినీ విడివిడిగా కొలిచాను. చేయాలనుకున్నవాళ్లు అంకెలతో సహా ఇలాగే చేసుకోవచ్చు. ఎక్కడ ఫోటో మోసం చేసిందో కూడా రాశాను, మీకు ఆ టైమ్ మిగులుతుంది.

ఇందులో ఎక్కువ భాగం మొదటి పులవడం గురించే, అంటే కలిపిన ముద్ద మొత్తం ఒకే పాత్రలో పొంగే దశ. టిన్‌లో పెట్టాక జరిగే రెండో పొంగు గురించి చివర్లో ఉంది.

## దశ 1: ఎప్పుడూ మారని పిండి, ఎప్పుడూ మారని సీసా

ఫోటోలను పోల్చాలంటే ముందు పిండి మారకూడదు. అన్నిటికీ ఒకటే కొలత వాడాను:

1. మైదా 300 గ్రాములు (ప్యాకెట్ మీద ప్రొటీన్ 11 శాతం)
2. నీళ్లు 200 గ్రాములు
3. ఉప్పు 6 గ్రాములు
4. ఇన్‌స్టంట్ ఈస్ట్ 1.5 గ్రాములు
5. కలపడం అయ్యేసరికి ముద్ద వేడి 26 డిగ్రీల సెల్సియస్, సీసా పెట్టిన చోటు కూడా 26

అన్నీ కలిపి 507.5 గ్రాములు. ముద్ద వేడిని గది థర్మామీటర్‌తో కాకుండా ముద్దలోకి గుచ్చే థర్మామీటర్‌తోనే చూడాలి. కలిపేటప్పుడు రాపిడికి ముద్ద వేడెక్కుతుంది, కాబట్టి గది 24 ఉన్నా ముద్ద 27 ఉండొచ్చు.

సీసా గుండ్రంగా ఉండాలి, గోడలు నిటారుగా ఉండాలి. కింద సన్నగా పైన వెడల్పుగా ఉండే గిన్నెలో ఎత్తు రెట్టింపయ్యేసరికి పిండి రెట్టింపు కన్నా చాలా ఎక్కువే పొంగి ఉంటుంది, పైగా ఆ తేడా గిన్నె గిన్నెకీ మారుతుంది. నిటారు సీసాలో ఎత్తు ఎంత పెరిగితే పిండి అంత పెరిగినట్టే. నాది లోపల 9.6 సెంటీమీటర్ల అడ్డకొలత ఉన్న గాజు సీసా. అర లీటరు నీళ్లు పోస్తే 6.9 సెంటీమీటర్లు వచ్చింది, అంటే ప్రతి సెంటీమీటరుకీ సుమారు 72.5 మిల్లీలీటర్లు.

మొదట్లో వచ్చిన చిక్కు ప్రారంభ ఎత్తు. ముద్దని సీసాలో వేస్తే అడుగున, గోడల పక్కన గాలి ఇరుక్కుపోతుంది. ఫోటోలో అది పిండి ఎత్తులాగే కనిపిస్తుంది. ఒకసారి 6.6 సెంటీమీటర్లు వచ్చింది, అదే బరువు పిండిని తడి చేత్తో అంచుల దగ్గర నొక్కి సర్దాక 6.1కి దిగింది. అర సెంటీమీటరే కదా అనిపిస్తుంది, కానీ తర్వాత వేసే ప్రతి శాతానికీ కిందన ఉండే సంఖ్య ఇదే.

సరిచూసుకోడానికి బరువు నుంచి కూడా లెక్క కట్టాను. అప్పుడే కలిపిన ఈ ముద్ద చిన్న ముక్కని నీళ్లలో ముంచి చూస్తే మిల్లీలీటరుకి 1.15 గ్రాములు తూగింది. 507.5ని 1.15తో భాగిస్తే 441 మిల్లీలీటర్లు, దాన్ని 72.5తో భాగిస్తే 6.08 సెంటీమీటర్లు. కంటికి కనిపించిన 6.1కి సరిపోయింది. ఇప్పుడు ఈ రెండు అంకెల మధ్య 2 మిల్లీమీటర్ల కన్నా ఎక్కువ తేడా ఉంటే ఆ సీసాని మళ్లీ సర్దిగానీ ఫోటో తీయను.

ఇప్పటిదాకా లెక్క: ప్రారంభ ఎత్తు 6.1 సెం.మీ. కంటి పొరపాటు అటూ ఇటూ 1 మి.మీ.

## దశ 2: కెమెరా ఎక్కడ పెట్టాలి

ఈ దశకే ఎక్కువ టైమ్ పట్టింది. ఫోన్ చేత్తో పట్టుకుని, కొంచెం పైనుంచి వంచి తీసిన ఫోటోల్లో పొంగు అస్సలు లెక్కకి రాలేదు. కళ్ల ముందు పిండి ముప్పావు వంతు పెరిగింది, ఫోటోలో కొలిస్తే మూడో వంతే పెరిగినట్టు వస్తోంది. ఎందుకో కాగితం మీద గీసుకుంటే తెలిసింది.

కెమెరా సీసా ముందు గోడకి 20 సెంటీమీటర్ల దూరంలో, బల్ల నుంచి 15 సెంటీమీటర్ల ఎత్తులో ఉందనుకోండి. సీసా లోతు 10 సెంటీమీటర్లు అనుకుందాం, స్కేలు ముందు గోడకి అంటించి ఉంది. పిండి పైభాగంలో కంటికి బాగా కనిపించే గీత వెనక అంచుది. కెమెరా నుంచి ఆ అంచుకి వెళ్లే చూపు ముందు గోడని ఎక్కడ దాటుతుందో అక్కడే స్కేలు మీద చదువుతాం.

- పిండి నిజంగా 6 సెం.మీ. ఉన్నప్పుడు: 15 − 9 × 20/30 = 9 సెం.మీ. అని కనిపిస్తుంది.
- పిండి నిజంగా 10.5 సెం.మీ. ఉన్నప్పుడు: 15 − 4.5 × 20/30 = 12 సెం.మీ. అని కనిపిస్తుంది.

నిజమైన పెరుగుదల 75 శాతం. ఫోటోలో 9 నుంచి 12, అంటే 33 శాతం. ఆ ఫోటోని నమ్మి ఇంకో గంట ఉంచితే పిండి చేజారిపోతుంది. "ఫోటోలో పెద్దగా పెరగలేదు, ఇంకా ఉంచండి" అనే సలహాల్లో చాలావాటికి ఇదే కారణం అని నా నమ్మకం.

మార్చినవి ఇవి:

1. ఫోన్‌ని స్టాండ్ మీద పెట్టి సీసాకి 90 సెంటీమీటర్లు వెనక్కి జరిపి, జూమ్ చేసి తీశాను. దగ్గరగా పెడితేనే వంపు ఎక్కువ.
2. లెన్స్ ఎత్తు బల్ల నుంచి 12.5 సెంటీమీటర్లు, అంటే పిండి రెట్టింపు అయ్యే చోటుకి దగ్గరగా. మొదటి ఫోటోల్లో కాస్త తేడా వచ్చినా ఫర్వాలేదు, నిర్ణయం తీసుకునే వేళకి చూపు పిండి మట్టానికి సమంగా ఉండాలి.
3. మిల్లీమీటర్ల గీతలున్న కాగితం స్కేలుని సీసా బయట ముందువైపు అంటించి, పిండి ముందు గోడని తాకే గీతనే చదివాను. దాన్ని "అంచు" అంటాను. స్కేలు, ఆ గీత దాదాపు ఒకే తలంలో ఉంటాయి కాబట్టి వంపు లెక్కలోకి రాదు.
4. ఉబ్బెత్తుగా ఉన్న నడిమి భాగం పై గీతని విడిగా చదివాను. దాన్ని "నడిమి" అంటాను. ఇది సీసా మధ్యలో ఉంటుంది కాబట్టి ముందు గోడ స్కేలు మీద కాస్త తేడాగా పడుతుంది. పిండి 7 సెంటీమీటర్ల దగ్గర ఉన్నప్పుడు సుమారు 3 మిల్లీమీటర్లు ఎక్కువ చూపిస్తుంది, 12.5 దగ్గరికి వచ్చేసరికి ఆ తేడా పోతుంది. కింద రాసిన అంకెల్లో దీన్ని సరిచేశాను.

గుండ్రటి సీసాలో పైభాగం గుమ్మటంలా ఉంటే, ఆ గుమ్మటం ఘనపరిమాణం దాని ఎత్తున్న సిలిండర్‌లో సుమారు సగం. కాబట్టి సగటు ఎత్తు అంటే అంచు, నడిమి రెండూ కలిపి సగం చేయడమే. చతురస్రపు డబ్బాలో ఈ సగం లెక్క సరిగ్గా కుదరదు, గుండ్రటి సీసా అన్నది అందుకే.

ఇప్పటిదాకా లెక్క: పొంగు శాతంలో మిగిలిన పొరపాటు, రెండు చోట్లా 1 మి.మీ. తప్పు చదివినా, 80 శాతం దగ్గర 4-5 పాయింట్లు. అంటే 80 అని వస్తే నిజం 75కీ 85కీ మధ్య. దీనికన్నా సన్నగా కొలవాల్సిన పని లేదు, పిండికీ అంత పట్టింపు ఉండదు.

## దశ 3: ఒకే ఎత్తు రెండుసార్లు

ఒకే విడతలో నాలుగు సీసాలకి సరిపడా పిండి కలిపి, నాలుగింటిలోనూ అదే బరువు వేసి, ఒకదాని ఫోటోలు చివరి వరకూ తీశాను. ఆ సీసా లెక్క ఇది. సెంటీమీటర్లలో వరసగా అంచు, నడిమి, సగటు, పెరుగుదల:

- 0 నిమిషాలు: 6.1 / 6.1 / 6.1 / 0 శాతం
- 30: 6.2 / 6.6 / 6.4 / 5
- 60: 7.2 / 8.0 / 7.6 / 25
- 90: 9.5 / 10.7 / 10.1 / 66
- 100: 10.3 / 11.5 / 10.9 / 79
- 120: 12.0 / 13.0 / 12.5 / 105
- 150: 13.9 / 14.3 / 14.1 / 131
- 180: 14.4 / 14.2 / 14.3 / 134
- 240: 12.9 / 12.1 / 12.5 / 105

మొదటి అరగంటలో దాదాపు ఏమీ జరగనట్టు ఉండడం చూసి ఈస్ట్ పాడైందేమో అని కంగారు పడక్కర్లేదు. ఈస్ట్ వదిలే కార్బన్ డయాక్సైడ్ ముందు పిండిలోని నీళ్లలో కరుగుతుంది. నీళ్లు ఇక పట్టలేనన్నాకే బుడగల్లోకి చేరి పిండిని లేపుతుంది.

అసలు చూడాల్సింది 120 నిమిషాల వరస, 240 నిమిషాల వరస. రెండిట్లోనూ సగటు 12.5, పెరుగుదల 105 శాతం. ఎత్తు ఒక్కటే చూస్తే రెండూ ఒకే పిండి. కానీ ఒకటి ఎక్కుతున్నప్పటిది, ఇంకోటి దిగుతున్నప్పటిది. 150 తర్వాత ఈస్ట్ గ్యాస్ తయారుచేయడం ఆపలేదు, పిండి దాన్ని పట్టి ఉంచలేక వదిలేస్తోంది.

మిగతా మూడు సీసాలని 60, 100, 120 నిమిషాలకి తీసి, దీన్ని 240కి తీసి, నాలుగింటినీ ఒకేలా చుట్టి, 26 డిగ్రీల దగ్గర 45 నిమిషాలు పెట్టి, టిన్ లేకుండా ట్రే మీద ఒకే ఓవెన్ వేడిలో కాల్చాను. మధ్యకి కోసి ఎత్తు కొలిచాను:

- 60 నిమిషాల ముద్ద: 7.1 సెం.మీ. పక్కన చీలింది, లోపల గట్టిగా ఉంది, అక్కడక్కడ మాత్రం సొరంగంలా పెద్ద ఖాళీలు.
- 100: 9.4 సెం.మీ. లోపల సమంగా ఉంది.
- 120: 9.2 సెం.మీ. కొంచెం వెడల్పుగా పరుచుకుంది, తినడానికి తేడా లేదు.
- 240: 6.3 సెం.మీ. చదునుగా, పైన పాలిపోయి, పులుపు వాసనతో.

240 ముద్ద పాలిపోవడానికి కారణం, పిండిలో ఉండే చక్కెరలని ఈస్ట్ చాలావరకు తినేయడం. పైపొర ఎర్రబడడానికి కావాల్సింది ఆ చక్కెరే. ఓవెన్ వేడి పెంచి దీన్ని సరిచేయలేం.

ఇప్పటిదాకా లెక్క: ఎత్తు నమ్మదగినదే, కానీ శిఖరానికి ఇటువైపు ఉన్నామా అటువైపు ఉన్నామా అన్నది అది చెప్పదు. మిగతా రెండు కొలతల పని ఆ ఒక్కటి చెప్పడమే.

## దశ 4: బుడగలు

సీసా గోడ వెంట కనిపించే బుడగల్ని లెక్కపెట్టడం బాగా పనికొస్తుందనుకుంటారు అందరూ. లెక్కపెడితే తేలింది, సంఖ్యతో పెద్దగా పనిలేదని. దానికి కారణం ఉంది. ఈస్ట్ కొత్త బుడగల్ని పుట్టించదు. కలిపేటప్పుడు పిండిలోకి చేరిన గాలి సూక్ష్మమైన బుడగలుగా ఉంటుంది, ఈస్ట్ వదిలిన గ్యాస్ వాటిలోకే చేరి వాటిని పెంచుతుంది. బేకర్, మైజ్ అనే ఇద్దరు పరిశోధకులు 1941లోనే దీన్ని చూపించారు. అంటే బుడగల సంఖ్య ముఖ్యంగా మనం కలిపిన తీరుని చెప్తుంది, ఎంత పులిసిందో కాదు. పులిసేకొద్దీ మారేది సైజు. చిన్న బుడగలో ఒత్తిడి ఎక్కువ కాబట్టి దాని గ్యాస్ మెల్లగా పక్కనున్న పెద్దదానిలోకి పోతుంది, మధ్య గోడ పల్చబడి తెగితే రెండూ ఒకటవుతాయి. కాబట్టి ఫోటోలో చూడాల్సింది అన్నిటికన్నా పెద్ద బుడగలు.

ఫోటోలో సెంటీమీటరుకి 80 పిక్సెల్స్ వచ్చేలా పెట్టి, సీసా అడుగున, మధ్యలో, 5 సెంటీమీటర్ల చతురస్రం తీసుకున్నాను, అంటే 400 × 400 పిక్సెల్స్. పిండి ఎంత పొంగినా ఆ చోటు పిండితోనే నిండి ఉంటుంది. అంతకన్నా వెడల్పు తీసుకుంటే సీసా గుండ్రదనం వల్ల పక్క బుడగలు నొక్కినట్టు సన్నగా కనిపిస్తాయి. ఈ చతురస్రంలో అంచు దగ్గర కూడా ఆ కుదింపు సుమారు 15 శాతం ఉంది. అందులో బుడగల్ని కొలిచే పైథాన్ ప్రోగ్రామ్ ఇది:

```python
import cv2
g = cv2.imread("side.jpg", 0)[900:1300, 600:1000]
g = cv2.GaussianBlur(g, (5, 5), 0)
b = cv2.adaptiveThreshold(g, 255,
      cv2.ADAPTIVE_THRESH_MEAN_C,
      cv2.THRESH_BINARY_INV, 201, 6)
n, _, s, _ = cv2.connectedComponentsWithStats(b)
a = s[1:, cv2.CC_STAT_AREA]
a = a[a > 12]
d = (4 * a / 3.1416) ** 0.5 / 8
print(a.sum() / g.size, sorted(d)[-5:])
```

ఇందులో 201 అన్న అంకె దగ్గర జాగ్రత్త. ముందు అక్కడ 51 ఉండేది, చాలా ఉదాహరణల్లో అలాంటి చిన్న అంకే ఉంటుంది. 120 నిమిషాల ఫోటో వరకూ ఫలితాలు బాగానే వచ్చాయి. 240 నిమిషాల ఫోటోలో కంటికి 14 మిల్లీమీటర్ల బుడగ స్పష్టంగా కనిపిస్తుంటే ప్రోగ్రామ్ మాత్రం అన్నిటికన్నా పెద్దది 5 మిల్లీమీటర్లు అంది. `b`ని ఫోటోగా సేవ్ చేసి చూస్తే విషయం తెలిసింది. ఈ పద్ధతి ప్రతి పిక్సెల్‌నీ దాని చుట్టుపక్కల సగటుతో పోల్చి, అంతకన్నా నల్లగా ఉంటే బుడగ అంటుంది. 51 పిక్సెల్స్ అంటే 6.4 మిల్లీమీటర్లు. బుడగ అంతకన్నా పెద్దదైతే దాని నడిమిలో చుట్టుపక్కల అంతా నలుపే, సగటు కూడా నలుపే, అందుకే నడిమి భాగం బుడగ కాదని తేలిపోతుంది. అంచున తెగిన ఉంగరం ముక్కలు మిగులుతాయి, అవి చిన్న చిన్న బుడగలుగా లెక్కకి వస్తాయి. మనకి అవసరమైన వేళకే కొలత తప్పుతుందన్నమాట. 201 అంటే 25 మిల్లీమీటర్లు, దానితో ఆ బుడగ 14 మిల్లీమీటర్లుగానే వచ్చింది. మీ ఫోటోలో పిక్సెల్స్ వేరుగా ఉంటే, మీరు ఊహించే అతి పెద్ద బుడగకి రెండింతలకి దగ్గరగా ఒక బేసి సంఖ్య పెట్టుకోండి.

సరిచేశాక, ఆ చతురస్రంలో బుడగలు ఆక్రమించిన వంతు, అతి పెద్ద బుడగ:

- 60 నిమిషాలు: 6 శాతం, 2 మి.మీ.
- 100: 14 శాతం, 4 మి.మీ.
- 120: 17 శాతం, 5 మి.మీ.
- 240: 21 శాతం, 14 మి.మీ.

120కీ 240కీ మధ్య వంతు పెద్దగా మారలేదు, పెద్ద బుడగ మాత్రం దాదాపు మూడింతలైంది.

మోసం చేసేవి రెండు. సీసా లోపల నూనె ఎక్కువ రాస్తే గాజుకీ పిండికీ మధ్య నూనె మడుగులు బుడగల్లాగే నల్లగా కనిపిస్తాయి, అందుకే లోపల తడి తప్ప ఏమీ రాయట్లేదు. రెండోది, ముద్ద సర్దేటప్పుడు ఇరుక్కున్న గాలి. మొదటి ఫోటోలోనే పెద్ద బుడగ ఉంటే అది పులవడం వల్ల వచ్చింది కాదు, ఆ చోటుని గుర్తుపెట్టుకుని లెక్కలోంచి తీసేయాలి. 0 నిమిషాల ఫోటో లేకపోతే ఈ రెండిటినీ వేరు చేయలేరు.

## దశ 5: పైపొర బిగువు

పైపొర బిగువుని ఫోటోలో కొలవడానికి ముందు వెలుగు మెరుపుతో ప్రయత్నించాను. పక్కనుంచి, దాదాపు పిండి మట్టానికి, ఒక దీపం పెడితే బిగుతైన పైపొర మీద ఒకే వెడల్పాటి మెత్తని మెరుపు పడుతుంది, సడలిన పొర మీద అది ముక్కలవుతుంది. కంటితో చూసినప్పుడు ఇది నిజమే. కొలతగా మాత్రం నిలబడలేదు. వేళ్ల తడి కాస్త మిగిలినా మెరుపు పెరుగుతుంది, పొడిపిండి చల్లితే పూర్తిగా పోతుంది. అన్నిటికన్నా ఇబ్బంది పెట్టింది ఎండిన పైపొర. మూత లేకుండా ఉంచితే పైన తోలులా కట్టి ఫోటోలో చక్కగా బిగువుగా కనిపిస్తుంది, దగ్గరగా చూస్తే సన్నని బీటలు, మసక రంగు. మెరుపుని లెక్కలోంచి తీసేసి, సీసాకి మూత వదులుగా పెట్టడం మొదలుపెట్టాను. ఆవిరి పట్టి గాజు మసకబారితే ఫోటోకి ముందు మూత తీసి ఒక నిమిషం ఆగితే చాలు.

మెరుపు బదులు ఆకారం కొలిచాను. బిగువున్న పిండి గోడ దగ్గర అంటుకుని కిందకి లాగబడుతుంది, నడిమి పైకి ఉబ్బుతుంది. పిండికి బిగువు ఇచ్చే గ్లూటెన్ సడలేకొద్దీ నడిమి దిగి అంచుతో సమమవుతుంది, తర్వాత గుంట పడుతుంది. కాబట్టి నడిమిలోంచి అంచు తీసేస్తే చాలు, అంకెలు దశ 3లోనే ఉన్నాయి: 90, 100 నిమిషాల దగ్గర 12 మి.మీ., 120 దగ్గర 10, 150 దగ్గర 4, 180 దగ్గర −2, 240 దగ్గర −8. ఎత్తు ఒకేలా ఉన్న ఆ రెండు ఫోటోలు ఇక్కడ పూర్తిగా విడిపోయాయి. ఇంకో సంగతి, 120కీ 150కీ మధ్య ఎత్తు ఇంకా పెరుగుతూనే ఉంది, గుమ్మటం మాత్రం సగానికి పైగా దిగిపోయింది. పిండి పడిపోవడానికి చాలా ముందే హెచ్చరిక వచ్చేది ఇక్కడే.

ఒక పరిమితి. గుంట పడ్డాక పక్క ఫోటోలో అది కనిపించదు, ముందు అంచే దాన్ని కప్పేస్తుంది. నడిమి గీత ఫోటోలో మాయమైందంటే పైభాగం చదునైంది లేదా గుంటపడింది అని మాత్రమే అర్థం. మైనస్ అంకెల కోసం మిల్లీమీటర్ల గీతలు గీసిన సన్నటి పుల్లని సీసా నడిమిలో, పిండికి ఆనీ ఆననట్టు, నిలువుగా దింపి చూశాను. నిర్ణయానికి అంత అక్కర్లేదు, గీత మాయమవడమే చాలు.

దిగుతున్న పిండికి ఇంకో గుర్తు ఉచితంగా దొరుకుతుంది. పిండి పడిపోయాక గాజు మీద పై మట్టం దగ్గర పల్చటి జిగురు చార మిగిలిపోతుంది. 240 నిమిషాల ఫోటోలో పిండి అంచు 12.9 దగ్గర ఉంటే చార 14.4 దగ్గర ఉంది. ఎవరైనా ఒకే ఒక్క ఫోటో పంపితే నేను మొదట వెతికేది దీన్నే.

ఇప్పటిదాకా లెక్క, ఈ మైదాకి, 26 డిగ్రీలకి:

1. పెరుగుదల 70 లోపు, గుమ్మటం నిలబడి ఉంది: ఉంచాలి.
2. పెరుగుదల 75 నుంచి 105, గుమ్మటం 10 మి.మీ. లేదా ఎక్కువ, పెద్ద బుడగ 6 మి.మీ. లోపు: తీసి చుట్టాలి.
3. గుమ్మటం ముందు ఫోటో కన్నా సగానికి పడింది: ఎత్తు ఎంతున్నా వెంటనే తీయాలి.
4. నడిమి గీత మాయమైంది, లేదా గోడ మీద చార ఉంది: దాటిపోయింది. ఎత్తు చూడక్కర్లేదు.

నేను 80 దగ్గర తీస్తున్నాను. 90కీ 100కీ మధ్య పది నిమిషాల్లో పిండి 8 మిల్లీమీటర్లు పెరిగింది, ఫోటో తీసి కొలిచి చేతులు తడుపుకునేలోపు అది ఇంకా కదులుతూనే ఉంటుంది. ముద్ద 30 డిగ్రీల దగ్గర ఉంటే ఈ పరుగు ఇంకా ఎక్కువ, అప్పుడు 70 దగ్గరే తీయడం మేలు.

## దశ 6: టిన్‌లో రెండో పొంగు

టిన్ గోడల్లోంచి ఏమీ కనిపించదు, బుడగల కొలత పోయినట్టే. టిన్ పొట్టి వైపు నుంచి, లెన్స్‌ని టిన్ అంచు మట్టానికి పెట్టి తీస్తే నడిమి అంచు కన్నా ఎంత పైకొచ్చిందో, భుజాలు గుండ్రంగా ఉన్నాయో పరుచుకున్నాయో తెలుస్తుంది. ఇక్కడ ఎత్తు కన్నా వేలి పరీక్షని ఫోటోలోకి తేవడమే ఎక్కువ పనికొచ్చింది.

1. వేలికి పొడిపిండి అద్ది, పిండిలో సుమారు 10 మిల్లీమీటర్లు నొక్కి తీయాలి.
2. తీసిన వెంటనే ఒక ఫోటో, 10 సెకన్ల తర్వాత ఇంకో ఫోటో, పైనుంచి నిటారుగా.
3. గుంటలో నీడ పొడవు రెండు ఫోటోల్లోనూ కొలవాలి.

దీపాన్ని ముందు బాగా కిందికి, 20 డిగ్రీల దగ్గర పెట్టాను, నీడ బాగా పడుతుందని. ఆ కోణంలో 10 మిల్లీమీటర్ల గుంటకి 27 మిల్లీమీటర్ల నీడ పడాలి, గుంట వెడల్పే 18. అంటే గుంట మొత్తం నీడతో నిండిపోయి, మూడో వంతు కోలుకున్నా ఫోటోలో తేడా రాలేదు. దీపాన్ని 45 డిగ్రీలకి ఎత్తాక నీడ పొడవే గుంట లోతు అయింది, వేరే లెక్క అక్కర్లేదు. 10 సెకన్లకి నీడ 2 మిల్లీమీటర్లకి తగ్గిపోతే ఇంకా టైమ్ ఉంది, 5 దగ్గర ఉంటే ఓవెన్‌లో పెట్టొచ్చు, 9 దగ్గరే నిలిచిపోతే ఆలస్యమైంది. ఫోన్‌లో వెలుగు తనంతట తనే సర్దుకోకుండా ఎక్స్‌పోజర్ లాక్ చేయాలి, లేకపోతే రెండో ఫోటోలో నీడ అంచు ఎక్కడుందో చెప్పడం కష్టం.

## ఎక్కడ ఈ అంకెలు పనిచేయవు

ముడి గోధుమ పిండిలో ఊక ముక్కలు బుడగల గోడల్ని కోసేస్తాయి, గుమ్మటం ముందునుంచే తక్కువ, శిఖరం కూడా తక్కువ ఎత్తులోనే వస్తుంది. అక్కడ 80 శాతం కోసం ఆగితే ఆ ఎత్తు ఎప్పటికీ రాకపోవచ్చు. రై పిండిలో బిగువు ఇచ్చే గ్లూటెన్ వల సరిగ్గా ఏర్పడదు కాబట్టి గుమ్మటం కొలతకే అర్థం లేదు. మైదా బరువులో నీళ్లు 75 శాతం దాటిన ముద్ద బాగున్నప్పుడు కూడా దాదాపు చదునుగానే ఉంటుంది.

పెద్ద ముద్దలోంచి చిన్న ముక్క తీసి చిన్న సీసాలో వేసి, దాని ఫోటోతో పెద్దదాన్ని అంచనా వేసేవాళ్లు వేడి ఒక్కటి చూసుకోవాలి. 50 గ్రాముల ముక్క గది వేడికి త్వరగా వచ్చేస్తుంది, పెద్ద ముద్ద చాలాసేపు తన వేడి మీదే ఉంటుంది. గది చల్లగా ఉంటే చిన్న సీసా వెనకబడి "ఇంకా ఉంచు" అంటుంది, అప్పటికి పెద్దది దాటిపోయి ఉంటుంది. చిన్న సీసాని పెద్ద ముద్ద పక్కనే, అదే పాత్రలో, పిండిని ఆనుకుని ఉండేలా పెడితే ఈ తేడా చాలావరకు పోతుంది.

కొత్త మైదా ప్యాకెట్ తెరిచినప్పుడు పైన రాసిన నాలుగు నియమాల్లో మొదటి రెండిటి అంకెల్ని మళ్లీ కొలుస్తున్నాను. ఒక సీసా పిండిని కావాలనే పడిపోయేదాకా ఉంచి, 15 నిమిషాలకొక ఫోటో తీసి, గుమ్మటం ఎప్పుడు సగానికి పడిందో, అప్పుడు పెరుగుదల ఎంతుందో రాసుకుంటాను. ఆ పెరుగుదలలో మూడింట రెండొంతుల దగ్గర తీయడంతో మొదలుపెట్టి, రొట్టె కోసి చూశాక అటూ ఇటూ జరుపుకుంటే ఆ ప్యాకెట్‌కి అంకె దొరుకుతుంది.